అక్కకి సారీ చెప్పడానికి ఇరవై ఒక్క రోజులు

జూన్ 1, ఆదివారం

ఉదయం 6:10. కొత్త డైరీ, కొత్త పెన్ను. ఇవాళ్టి నుంచి కొత్త నేను.

తీర్మానం: ఇరవై ఒక్క రోజుల్లో అక్కకి క్షమాపణ చెప్పాలి. మనస్ఫూర్తిగా, పద్ధతిగా, ఇంకెప్పుడూ ఆ ఊసు రాకుండా.

నాకిది పెద్ద పనేం కాదు. లిఫ్టులు బిగించే కంపెనీలో ఫిర్యాదుల విభాగం నాది. పదకొండేళ్లుగా లిఫ్టులో ఇరుక్కుపోయినవాళ్లకీ, మెట్లెక్కి మోకాళ్లు పోగొట్టుకున్నవాళ్లకీ క్షమాపణ ఉత్తరాలు రాస్తున్నాను. తక్కువలో తక్కువ నాలుగు వేలు రాసుంటాను. చేపపిల్లకి ఎవరైనా ఈత నేర్పుతారా?

జరిగింది చిన్న విషయమే. అక్క వయొలిన్ నేర్పుతుంది. వాళ్ల ముందుగదిలో తొమ్మిది మంది పిల్లలు. కిందటేడు నుంచి అక్కకి కుడిచెవి తగ్గుతూ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు, బావకి కూడా. నాకొక్కడికే చెప్పింది. డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. చెవి వెనక చిన్న మిషన్ పెట్టారు, జుట్టుతో కప్పేసుకుంటుంది. "ఒరేయ్, ఇది మన ఇద్దరి మధ్యే" అంది. సరేనన్నాను.

ఫిబ్రవరి ఆఖర్లో పిల్లలు కచేరీ చేశారు. అయ్యాక టీ ఇచ్చారు. నా పక్కన ఒక స్టూడెంటు తల్లి నిలబడి ఉంది. "మా అక్కకి కుడివైపు నిలబడితే మీవాడు ఎంత తప్పు వాయించినా పరవాలేదండీ, వినబడి చావదు" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండు వారాల్లో నలుగురు పిల్లలు మానేశారు.

అక్క నాతో మాట్లాడి మూడు నెలలు దాటింది.

పథకం:
- 8వ తేదీకల్లా క్షమాపణ
- 15కల్లా అక్క క్షమించడం
- 21న అక్క ఇంట్లో భోజనం

మా ఆవిడ పథకం చదివి, "రెండోది మీ చేతుల్లో ఉందా?" అని అడిగింది. ప్రతి మంచిపనికీ ఒక ఎదురుప్రశ్న ఉంటుంది.

జూన్ 2, సోమవారం

మధ్యాహ్నం 3:00. పనికి విరామం దొరికింది. ఆఫీసు కంప్యూటర్లోనే ఉత్తరం కొట్టాను. అలవాటైన చెయ్యి, ఏడు నిమిషాల్లో అయిపోయింది.

"గౌరవనీయులైన అక్కకి, ఇటీవలి సంఘటన వల్ల మీకు ఏదైనా అసౌకర్యం కలిగి ఉంటే అందుకు మిక్కిలి చింతిస్తున్నాము. మీ మనోభావాలు మాకెంతో విలువైనవి."

నాకే ముచ్చటేసింది. ప్రింటు తీసి ఇంటికి తెచ్చి మా ఆవిడకి చూపించాను.

"ఈ 'చింతిస్తున్నాము'లో ఎంతమంది ఉన్నారు? నన్ను కలపకండి" అంది.

"అది మర్యాద."

"'కలిగి ఉంటే' ఏమిటి? కలిగిందో లేదో మీకు తెలీదా? నలుగురు పిల్లలు మానేశారు కదా."

మా లాయర్లు మాకు మొదటి రోజే చెప్పారు, ఉత్తరంలో 'మా తప్పు' అన్న మాట పొరపాటున కూడా రాకూడదని. అలా రాస్తే ఒప్పుకున్నట్టవుతుందట. మా ఆవిడకి ఇదంతా వివరించాను.

"మరి మీరు ఒప్పుకోవడానికే కదా రాస్తున్నది?" అంది.

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఉత్తరం పక్కన పెట్టాను.

జూన్ 3, మంగళవారం

ఉదయం 8:15. ఉత్తరాల కాలం పోయింది. ఫోన్లో మెసేజ్ పెట్టాను: "అక్కా, నా మాటలకి నువ్వు బాధపడి ఉంటే సారీ. కానీ అది జోకు."

8:16. చేరింది.
8:31. చదివింది.
8:32. ఏదో టైప్ చేస్తోంది.
8:34. మానేసింది.
11:00. ఏమీ లేదు.
సాయంత్రం 5:00. ఏమీ లేదు.

బహుశా ఫోన్ చార్జింగు అయిపోయుంటుంది.

జూన్ 6, శుక్రవారం

ఈ పేజీ చింపేయాలనుంది. అయినా రాస్తాను.

సోమవారం నేను కొట్టిన ఉత్తరం కంప్యూటర్లో ఉండిపోయింది. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఫిర్యాదుల ఫోల్డర్లో ఏ ఉత్తరం పడినా సాయంత్రం డిస్పాచ్ గుమాస్తా దానికో నంబరు వేసి, కంపెనీ ముద్ర కొట్టి, వెనకాల ఒక అభిప్రాయ పత్రం జతచేసి పంపేస్తాడు. మనిషి చాలా బుద్ధిమంతుడు. అడ్రస్ లేదని నా ఫోన్ బుక్కులోంచి వెతికి మరీ వేశాడు.

గురువారం అక్కకి అందింది. ఇవాళ అభిప్రాయ పత్రం నింపి, మనిషి చేత కంపెనీకి తిప్పి పంపింది. పదకొండేళ్లలో ఆ పత్రం నింపిన పదో మనిషి.

ప్రశ్న: మా క్షమాపణతో మీరు ఎంతవరకూ సంతృప్తి చెందారు? (ఒకటి నుంచి ఐదు)
అక్క జవాబు: సున్నా. అంకె తనే రాసి, చుట్టూ గీత గీసింది.

ప్రశ్న: మీ సూచనలు?
అక్క జవాబు: "లిఫ్టు బాగానే ఉంది. మా తమ్ముడే మధ్యలో ఆగిపోయాడు."

మేనేజరు ఇది చదివి, "ఈ కస్టమర్ ఎవరయ్యా? ఫాలో అప్ చెయ్యి" అన్నాడు.

జూన్ 7, శనివారం

ఫాలో అప్ చేశాను. స్వయంగా వెళ్లాను.

సాయంత్రం 4:00 నుంచి 4:40 వరకూ మాట్లాడాను. తేలింది ఏమిటంటే, నేను క్షమాపణ చెప్పలేదు, వాదించాను. గుర్తున్నంతవరకూ అన్న మాటలు:

- నేను కావాలని అనలేదు, కానీ
- తప్పే, కానీ అందరూ నవ్వారుగా
- ఆ మాట నలుగురికీ మోసింది ఆ స్టూడెంటు తల్లి, నేను కాదు
- అయినా చెవి తగ్గడం నిజమే కదా అక్కా

ఆఖరిది అన్నాక నాకే నాలుక కరుచుకోవాలనిపించింది. అప్పటికే ఆలస్యమైంది.

అక్క వయొలిన్ తీగలు సవరించుకుంటూ అంతా విన్నది. తల కుడివైపు తిప్పి, ఎడమచెవి నావైపు పెట్టి విన్నది. నేనెప్పుడూ గమనించలేదు, ఆవిడిప్పుడు అందరివైపూ అలాగే తిరుగుతోంది.

"అయిపోయిందా? పిల్లలొచ్చే టైమయింది" అంది.

ముందుగదిలో ఐదు కుర్చీలు వేసి ఉన్నాయి. నాలుగు మడిచి గోడకి ఆనించి ఉన్నాయి.

మా ఆవిడ వాకిట్లోనే అడిగింది, "ఎలా అయింది?"

"చెప్పాను."

"ఏం చెప్పారు?"

"అన్నీ."

"అదే నా భయం" అంది.

జూన్ 9, సోమవారం

ఈ రోజు పెద్దది. వివరంగా రాయాలి.

ఉదయం ఒక ఆరంతస్తుల భవనంలో లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగింది. లోపల ఒక్క పెద్దావిడ. యాభై నిమిషాలు. ఆవిడ కొడుకు ఆఫీసుకి ఫోన్ చేసి, "ఉత్తరం వద్దు, మనిషిని పంపండి" అన్నాడు. మేనేజరు నన్ను తోశాడు. మెకానిక్‌తో కలిసి వెళ్లాను. ఆయన్ని కంపెనీలో అందరూ స్పానర్ బాబాయ్ అంటారు. ముప్ఫై ఏళ్ల సర్వీసు, సగం మాటలు చేతులే మాట్లాడతాయి.

నేను బ్రీఫ్‌కేసు తెరిచి 'మీకు కలిగిన అసౌకర్యానికి' అని మొదలుపెట్టాను. బాబాయ్ నన్ను భుజంతో పక్కకి నెట్టాడు. పెద్దావిడ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. అన్నది ఇంతే:

"అమ్మా, పోయిన నెల సర్వీసుకి వచ్చింది నేనే. తలుపు దగ్గర కరెంటు కలిపే కాంటాక్టు అరిగిపోయిందని చూశాను. ఇంకో నెల ఆగుతుందిలే అనుకుని మార్చకుండా వెళ్లాను. అది నా తప్పు. మీరు యాభై నిమిషాలు చీకట్లో ఒంటరిగా ఉన్నారు. భయపడి ఉంటారు, మళ్లీ ఎక్కాలంటే గుండె దడగా ఉంటుంది. కాంటాక్టు ఇప్పుడు మార్చేశాను. నెల రోజులు ప్రతి సోమవారం వచ్చి నేనే చూస్తాను. ఇంకేమైనా చెయ్యాలంటే చెప్పండి."

'కానీ' లేదు. 'క్షమించండి' అని ఆవిణ్ణి బతిమాలలేదు. చెప్పి ఊరుకున్నాడు.

పెద్దావిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ మౌనం నింపాలని నా నోరు దురద పెట్టింది. బాబాయ్ నా కాలు తొక్కాడు.

చివరికి ఆవిడ, "నేను అరిచాను. ఎవరికీ వినబడలేదు" అంది.

"అవునమ్మా" అన్నాడు బాబాయ్. అంతే.

తిరుగు దారిలో వ్యాన్‌లో ఇది రాసుకున్నాను:

ఒకటి, ఏం చేశానో పేరు పెట్టి చెప్పాలి, 'సంఘటన' అనకూడదు. రెండు, అది నా తప్పని చెప్పాలి, కారణాలు తోక కట్టకూడదు. మూడు, దానివల్ల ఎదుటివాళ్లకి ఏమైందో చెప్పాలి, నాకేమైందో కాదు. నాలుగు, సరిచెయ్యాలి, ఎలా సరిచెయ్యాలో వాళ్లనడగాలి. ఐదు, మళ్లీ చెయ్యకుండా ఏం చేస్తానో చెప్పాలి. ఆరు, క్షమిస్తారా లేదా అన్నది వాళ్ల ఇష్టం. నోరు మూసుకోవాలి.

పదకొండేళ్లు నేను రాసిన ఉత్తరాల్లో ఈ ఆరింటిలో ఒక్కటీ లేదు. చేపపిల్ల అనుకున్నాను, నీళ్లే చూడలేదు.

రేపే అక్క దగ్గరికి.

జూన్ 10, మంగళవారం

రేపు అన్నానా? ఇవాళ అక్కకి ఎక్కువ క్లాసులు. మధ్యలో ఎందుకు.

జూన్ 11, బుధవారం

వాన పడేలా ఉంది.

జూన్ 12, గురువారం

వాన పడలేదు. ఐతే జలుబు చేసేలా ఉంది. తుమ్ముతూ క్షమాపణ చెబితే నాటకంలా ఉంటుంది.

మా ఆవిడ: "జలుబు ముక్కుకి, చెప్పాల్సింది నోరు. వెళ్లండి."

జూన్ 13, శుక్రవారం

అద్దం ముందు సాధన చేశాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. 'నీ రహస్యాన్ని నేను జోకు చేశాను.' గట్టిగా అంటే ఎంత నీచంగా ఉందో. నేను నిజంగా నీచుణ్ణే. చిన్నప్పటి నుంచీ అంతే. అక్క నాకు అన్నం కలిపి పెట్టింది, హోంవర్కు రాసిపెట్టింది, నా కోసం నాన్న చేత దెబ్బలు తింది. ఆవిడ నమ్మి చెప్పిన ఒక్క మాటని టీ కప్పుకి అమ్మేశాను. నేను మనిషినే కాను.

ఇలా మూడు పేజీలు రాశాను. మా ఆవిడ చూసి, "అక్క పేరు ఒక్క పేజీలో ఉంది, మీ పేరు మూడు పేజీల్లోనూ ఉంది" అంది.

జూన్ 14, శనివారం

వెళ్లాను. తలుపు తీయగానే ఏడ్చాను.

"అక్కా, నేను పాపిష్టివాణ్ణి. నేను తమ్ముణ్ణే కాదు. నన్ను చెప్పుతో కొట్టు" అన్నాను. చాలాసేపు అలాగే అన్నాను.

అక్క కంగారు పడింది. కూర్చోబెట్టింది. టీ పెట్టింది. బిస్కెట్లు పెట్టింది. నా వీపు నిమిరింది. "ఏడవకురా, ఊరుకో, అంతేం కాదులే" అంది. బావ కూడా వచ్చి, అక్కకి ఎడమవైపు నిలబడి, కాసేపు నిమిరాడు.

గంట తరవాత మనసు తేలికపడి బయటికొచ్చాను. బస్సు స్టాపు దగ్గర వెలిగింది, నేను క్షమాపణ చెప్పనే లేదు.

మా ఆవిడ విని తల పట్టుకుంది. "దెబ్బ తగిలింది ఆవిడకి, కట్టు మీరు కట్టించుకొచ్చారు" అంది.

జూన్ 15, ఆదివారం

పథకం ప్రకారం ఇవాళ అక్క నన్ను క్షమించాలి. ఉదయం ఫోన్ చేసి అడిగాను: "ఇంకా కోపంగా ఉన్నావా?"

మధ్యాహ్నం మళ్లీ అడిగాను. సాయంత్రం మెసేజ్ పెట్టాను.

సాయంత్రం 6:20. అక్క ఫోన్ చేసింది. మూడున్నర నెలల్లో తనంతట తాను చేసిన మొదటి ఫోన్.

"ఒరేయ్, నువ్వు పొద్దుట్నుంచీ మూడుసార్లు క్షమించావా అని అడుగుతుంటే, నిన్ను ఓదార్చే డ్యూటీ నాకు పడింది. నాకు ఐదుగురు పిల్లలున్నారు, చాలు. ఇంక అడక్కు."

పెట్టేసింది.

జూన్ 16, సోమవారం

భోజనాల వేళ బాబాయ్ పక్కన కూర్చున్నాను. లిఫ్టు సంగతి అడిగాను. "పెద్దావిడ క్షమించిందా?"

"తెలీదు. ఇవాళ పొద్దున వెళ్లి చూసొచ్చాను. కాంటాక్టు బాగుంది. ఆవిడ మెట్లెక్కుతోంది."

"మరి మీకు సిగ్గుగా లేదా?"

బాబాయ్ డబ్బా మూత పెట్టి నాకేసి చూశాడు.

"నేనొక తప్పు చేశాను. అది బరువే, కానీ దానికి పిడి ఉంటుంది, పట్టుకుని మోయొచ్చు, ఎక్కడ దించాలో తెలుస్తుంది. నేనే ఒక తప్పుని అనుకో. దానికి పిడెక్కడుంటుంది? పట్టుకోలేవు, దించలేవు, కింద పడి ఏడుస్తావ్. అప్పుడు రేపటి లిఫ్టు ఎవరు చూస్తారు?"

"అంటే మర్చిపోవాలా?"

"మర్చిపోతే ఇంకో కాంటాక్టు వదిలేస్తావ్. చెప్పాల్సింది చెప్పు. చెయ్యాల్సింది చెయ్యి. మిగిలిందాన్ని మొయ్యకు. అది తప్పు బరువు కాదు, నీ గొప్ప బరువు. ఇంతటివాణ్ణి ఇలా చేశానే అని."

ఆయన డబ్బా కడుక్కోవడానికి లేచాడు. నేను నా డబ్బా ఇంకా తెరవనే లేదు.

జూన్ 17, మంగళవారం

సాయంత్రం 6:00. క్లాసులయ్యాక వెళ్లాను. ముందే ఫోన్ చేసి అడిగాను, వినడానికి నీకు వీలవుతుందా అని. "పది నిమిషాలు" అంది.

ఎడమవైపు కూర్చున్నాను. ఏడవలేదు. అన్నది ఇది:

"నీ చెవి సంగతి ఎవరికీ చెప్పొద్దని నన్నడిగావు, సరేనన్నాను. కచేరీ రోజు ఆ మాటనే జోకు చేసి, నీ స్టూడెంటు తల్లికి చెప్పాను. నవ్వు కోసం చెప్పాను. అది నా తప్పు. నలుగురు పిల్లలు వెళ్లిపోయారు. నీకు తప్పు స్వరం వినబడదన్న పేరు వచ్చింది, అది అబద్ధం. బావకి నువ్వు చెప్పాల్సిన సంగతి ఎవరో పరాయివాళ్లు చెప్పారు. ఇప్పుడు నువ్వు ఎవరితోనైనా మాట్లాడే ముందు వాళ్లకి తెలుసా లేదా అని ఆలోచించాల్సొస్తోంది. నేను సరిచెయ్యగలిగింది ఏదైనా ఉంటే నువ్వే చెప్పు. నీకు చెప్పకుండా ఎవరి దగ్గరికీ వెళ్లను. నీ విషయం ఇంకెప్పుడూ నా నోట రాదు."

ఆగిపోయాను. నోరు మూసుకున్నాను. గోడ గడియారం చప్పుడు నాకు వినబడింది. అక్కకి వినబడుతోందో లేదో తెలీదు.

అక్క కళ్లు తుడుచుకుంది.

"బావ సంగతి నువ్వు గమనించావనుకోలేదు" అంది. "నాకు అన్నిటికంటే అదే కష్టమనిపించింది. పిల్లలు పోతే వేరేవాళ్లొస్తారు. బావ వారం రోజులు నాతో మామూలుగానే మాట్లాడాడు, కొంచెం గట్టిగా. అప్పుడర్థమైంది తెలిసిపోయిందని."

అక్క గోడకి ఆనించిన నాలుగు కుర్చీల కేసి చూసింది.

"ఇప్పుడే క్షమించానని చెప్పలేను. కానీ విన్నాను" అంది. తరవాత, "ఆ తల్లి దగ్గరికి వెళ్లు. నాకు తప్పు స్వరం వినబడుతుందని చెప్పు. మిషన్ సంగతి మాత్రం నేనే చెప్పుకుంటాను, ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో" అంది.

పదకొండు నిమిషాలు పట్టింది.

జూన్ 18, బుధవారం

ఆ తల్లి ఒక మందుల షాపు నడుపుతుంది. కౌంటరు ముందు నిలబడి చెప్పాను.

"కచేరీ రోజు మా అక్క గురించి నేనన్నది అబద్ధం. నవ్వించడానికన్నాను. ఆవిడ మీ అబ్బాయి తప్పు వాయిస్తే పక్కగదిలోంచి కూడా పట్టుకుంటుంది. నా మాట పట్టుకుని మీరు మానిపించారంటే ఆ తప్పు నాది."

"అయ్యో, అప్పుడు అందరం నవ్వాంగా" అంది ఆవిడ. ఇబ్బందిగా దగ్గు మందు సీసాలు సర్దింది. "మావాడు రోజూ వెళ్తానని గోల చేస్తున్నాడు. వచ్చే వారం నుంచి పంపిస్తాలెండి."

బయటికొచ్చాక అక్కకి ఫోన్ చేసి 'చూశావా' అనాలనిపించింది. చెయ్యలేదు. 'చెప్పాను. వచ్చే వారం పంపిస్తుందట' అని మాత్రం మెసేజ్ పెట్టాను.

ఇవాళ ఒక్కసారి కూడా 'నేను నీచుణ్ణి' అనుకోలేదు. మూడుసార్లు ఆ ఆలోచన వచ్చింది. వచ్చినప్పుడల్లా పిడి ఎక్కడా అని వెతికాను. లేకపోతే వదిలేశాను.

జూన్ 19, గురువారం

మా ఆవిడ: "మీరు ఈ మధ్య మనిషిలా ఉన్నారు."

మేనేజరు: "నువ్వు ఈ మధ్య బాగున్నావయ్యా, ఏంటి సంగతి?"

చెప్పాను. ఆరు అంశాలూ చెప్పాను. మేనేజరు కళ్లు మెరిశాయి. "రేపు మొత్తం విభాగానికి క్లాసు తీసుకో. నిజమైన క్షమాపణ గురించి. ఉదాహరణలతో."

జూన్ 20, శుక్రవారం

మధ్యాహ్నం 3:00. మీటింగు గదిలో ఇరవై ఆరు మంది. చివర్లో బాబాయ్ కూడా ఉన్నాడు. చక్కగా మొదలుపెట్టాను. ఆరు అంశాలు బోర్డు మీద రాశాను. ముందు లిఫ్టు ఉదాహరణ చెప్పాను. జనం ఆవులించారు. సొంత ఉదాహరణ ఉంటే బాగుంటుందనిపించింది.

చెప్పాను. అక్క, చెవి, మిషన్, జుట్టు, కచేరీ, నలుగురు పిల్లలు, బావ. అంతా చెప్పాను. నా పశ్చాత్తాపం దగ్గరికొచ్చాక ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాను. ముందు వరసలో ఒకావిడ కళ్లొత్తుకుంది. చప్పట్లు కొట్టారు. బాబాయ్ కొట్టలేదు.

4:10. కొత్తగా చేరిన టెలిఫోన్ ఆపరేటరు చెయ్యెత్తింది.

"సార్, మీ అక్కగారు ముందుగదిలో వయొలిన్ నేర్పుతారా? మా పాప అక్కడికే వెళ్తుంది. ఆవిడకి మిషన్ ఉందని మాకు తెలీదే."

మిగిలిన ఐదుగురిలో ఒకరు.

4:11. గదిలో అందరూ బోర్డు కేసి చూశారు. ఐదో అంశం, 'మళ్లీ చెయ్యకుండా ఏం చేస్తాను', నా చేతిరాతతోనే ఉంది.

సాయంత్రం ఆవిణ్ణి, మిగిలినవాళ్లనీ పట్టుకుని, అది చెప్పే హక్కు నాకు లేదని చెప్పాను.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఇక్కడ గోరుచుట్టు అక్కది, రోకలి నాది. రెండుసార్లూ.

జూన్ 21, శనివారం

ఉదయం 5:30. నిద్ర లేదు. వరసగా వచ్చిన ఆలోచనలు:

- పేరు చెప్పలేదు కదా
- మంచి పని కోసమే చెప్పాను
- ఆపరేటరు ఎవరికీ చెప్పదు
- అక్కకి తెలీకపోవచ్చు
- నేను పాపిష్టివాణ్ణి, నన్ను చెప్పుతో కొట్టాలి

ఐదూ ఒకే సంచిలో సరుకు. అన్నిటిలోనూ నేనే ఉన్నాను.

7:00. మా ఆవిడకి చెప్పాను. తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "ఆపరేటరు పాపకి క్లాసు ఎప్పుడు?" అని మాత్రం అడిగింది.

"శనివారం పది గంటలకి."

"అయితే మీరు తొమ్మిదికి అక్కడుండాలి."

9:00. అక్క తలుపు తీసింది. పథకం ప్రకారం ఇవాళ భోజనం. నన్ను చూసి నవ్వబోయింది.

"నిన్న ఆఫీసులో ఇరవై ఆరు మంది ముందు నీ చెవి గురించి, మిషన్ గురించి చెప్పాను. నా గొప్ప కోసం చెప్పాను. చెప్పనని నీకు మాటిచ్చి నాలుగు రోజులైంది. అందులో ఒకావిడ పాప నీ దగ్గరికి ఇంకో గంటలో వస్తుంది. నిన్న సాయంత్రం ఆవిణ్ణి, మిగిలినవాళ్లని కలిసి, అది చెప్పే హక్కు నాకు లేదని చెప్పాను. కానీ వాళ్లు విన్నది విన్నదే. ఇంకొకళ్ల నోట నువ్వు వినకూడదని వచ్చాను."

అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలికి రమ్మనలేదు.

"పోయినసారి మూడు నెలలు దాక్కున్నావ్. ఈసారి ఒక్క రాత్రి" అంది.

అవునని తలూపాను.

"నీకు తప్పు ఒప్పుకోవడం వచ్చిందిరా. సంతోషం. కచేరీ రోజు దానికి నిన్ను క్షమించాను కూడా. నిన్నటిదాన్నీ క్షమిస్తానేమో, తెలీదు. కానీ ఒకటి విను. క్షమించడం వేరు, చెప్పుకోవడం వేరు. ఇకమీదట నాకేమైనా అయితే నీకు చెప్పను."

ఇంట్లో ఇంతమంది ఉండగా ఆవిడ నన్నొక్కణ్ణే ఎంచుకుంది. ఆ చోటు పోయింది. చాలా బాధగా ఉంది, బాధ అని రాసి ఊరుకుంటున్నాను.

"సరే అక్కా" అన్నాను.

9:40. అక్క అద్దం ముందుకెళ్లి జుట్టంతా వెనక్కి లాగి ముడేసుకుంది. మిషన్ బయటికి కనబడుతోంది. "పిల్లలకి ఇవాళ నేనే చెప్తాను. నీ నోట కంటే నా నోట నయం" అంది. "ఇంక వెళ్లు."

మెట్లు దిగుతుంటే వయొలిన్ వినబడింది. ఒక తీగ శృతి తప్పింది. వెంటనే ఆగింది. సవరించుకుని మళ్లీ మొదలైంది.

జూన్ 22, ఆదివారం

ఉదయం 6:10. తీర్మానం మళ్లీ మొదలు. మొదటి రోజు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నాకు క్షమాపణ చెప్పడం నేర్చుకోవడానికి ఇరవై ఒక్క రోజులు పట్టింది. దాని అవసరం రాకుండా నోరు మూసుకోవడం ఎన్నాళ్లకొస్తుందో తెలీదు. గడువు పెట్టుకోలేదు. నన్ను మళ్లీ ఎప్పుడు నమ్మాలన్నది అక్క చేతుల్లో ఉంది.

8:00. గిన్నెలు కడిగాను. 'నేను నీచుణ్ణి' అన్నది రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ గిన్నెలే ముఖ్యమనుకున్నాను.

11:30. మేనేజరు ఫోన్. పక్క బ్రాంచివాళ్లు కూడా ఆ క్లాసు కావాలంటున్నారట, "ఆ అక్క ఉదాహరణతో సహా". బాబాయ్‌ని పిలవండి, నాకు చేతకాదని చెప్పాను.

సాయంత్రం 5:15. అక్క మెసేజ్. రెండు వాక్యాలు. డాక్టర్ గురించి కాదు, క్లాసు గురించి కాదు. అక్క సొంత విషయం, చిన్నది. నాకు చెప్పాల్సిన పనే లేదు. నిన్న చెప్పనంది కూడా. అయినా చెప్పింది.

పొడుగ్గా జవాబు రాశాను. మూడు సారీలు, రెండు థాంక్సులు. అన్నీ చెరిపేసి, "అలాగే అక్కా" అని పంపాను.

మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది, "ఎవరు?"

"అక్క."

"ఏమంది?"

"అక్కనే అడుగు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఆవిడ గుమ్మంలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూసి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్లిపోయింది.

అక్క ఏం రాసిందో ఇక్కడ కూడా రాయను.